పిక్క తీసిన చింతపండు వ్యాపారానికి ప్రణాళిక రాయడం: రాబడి లెక్క, ప్రభావ లెక్క ఒకే పుస్తకంలో

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు స్వయం సహాయక సంఘాలతో పనిచేసే మిత్రులు చాలా కాలంగా ఒకే విషయం అడుగుతున్నారు. సంఘం తరఫున చింతపండు కొని, పిక్క తీయించి అమ్మాలనుకుంటున్నారు. బ్యాంకుకు వెళితే లాభం ఎంత వస్తుందో చూపమంటారు, నిధులిచ్చే సంస్థకు వెళితే ఎంతమంది బతుకు ఎంత మారుతుందో చూపమంటారు. రెండు కాగితాలు వేర్వేరుగా రాస్తే ఒకదానితో ఒకటి పొసగడం లేదు. మరి ఎలా రాయాలి?

రెండు కాగితాలు రాయడమే అసలు పొరపాటు. సేకరించే మహిళకు కిలోకు అదనంగా ఇచ్చే ప్రతి రూపాయి సంస్థ మిగులు నుంచే పోతుంది. ఒకే రూపాయిని ఒక కాగితంలో లాభంగా, ఇంకో కాగితంలో ప్రభావంగా చూపినప్పుడు ప్రణాళిక కాగితం మీద నిలబడుతుంది కానీ సంతలో పడిపోతుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో రెండు లెక్కలనూ ఒకే కొనుగోలు పుస్తకం నుంచి తీసే పద్ధతిని, ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు నడిపిస్తూ చెబుతాను.

ఉదాహరణలోని సంస్థలో నాలుగు ఊళ్లకు చెందిన 120 మంది మహిళలు సభ్యులు. మంచి కాపు ఉన్న ఏడాది 200 క్వింటాళ్ల పిక్క చింతపండు కొనాలని వారి ఆలోచన. ధరలు, ఖర్చులు లెక్క చూపడానికి నేను వేసుకున్నవి. వాటి స్థానంలో మీ సంతలో మీరు రాసుకున్న అంకెలు పెట్టుకోవాలి.

## 1. సీజనుకు ముందు: సంత ధర పుస్తకం, తొలి లెక్క

మా వైపు చింతకాయ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దిగుతుంది. కాబట్టి తొలి లెక్క, అంటే మనం కొనడం మొదలుపెట్టకముందు ఇళ్ల పరిస్థితి అడిగి రాసుకునేది, జనవరి నెలాఖరుకే పూర్తి కావాలి. కొనుగోలు మొదలయ్యాక, "నిరుడు మీకు ఎంత వచ్చింది?" అని అడిగితే వచ్చే జవాబులో ఈ ఏడాది ధర కలిసిపోతుంది.

120 ఇళ్లలో 30 ఇళ్లకు వెళితే చాలు. అయితే ఆ 30 ఇళ్లను సంఘం నాయకురాలు ఎంపిక చేయకూడదు. సభ్యుల జాబితాలో ప్రతి నాలుగో పేరు తీసుకోండి. అడగవలసినవి ఇవి:

- నిరుడు ఎన్ని చెట్ల కాయ ఏరారు, దాదాపు ఎన్ని కిలోలు అమ్మారు?
- ఎవరికి అమ్మారు: సంతలో షావుకారికా, ఇంటికి వచ్చిన వ్యాపారికా, ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికా?
- కిలో లెక్కన అమ్మారా, గంప లెక్కన అమ్మారా? గంపకు ఎంత తూగుతుంది?
- డబ్బు ఎన్ని రోజులకు చేతికి వచ్చింది?
- వర్షాకాలంలో ఎవరి దగ్గరైనా డబ్బో ధాన్యమో తీసుకుని, దానికి బదులు చింతపండు ఇస్తామని మాట ఇచ్చారా?

చివరి ప్రశ్నను దయచేసి వదిలిపెట్టకండి. కాయ చెట్టు మీద ఉండగానే బేరం కుదిరిపోయిన ఇంటి సరుకు, మీరు ఎంత ధర ఇచ్చినా మీ దగ్గరికి రాదు. ముప్పై ఇళ్లలో పన్నెండు ఇళ్లు అలా మాట ఇచ్చి ఉంటే, మీరు కొనగలిగే పరిమాణం అనుకున్నదానిలో ఇంచుమించు అరవై శాతమే. ప్రణాళికలో 200 క్వింటాళ్లు అని రాసేముందు ఈ కోత వేసుకోవాలి. మన ఉదాహరణలో ఆ కోత పోగా మిగిలిందే 200.

కోందు, సవర ఇళ్లలో ఈ ప్రశ్నలు తెలుగులో అడిగితే మర్యాదకు "అవును" అని తల ఊపుతారు. అది జవాబు కాదు. వారి కుయి భాష గానీ సవర భాష గానీ బాగా వచ్చిన, ఆ ఊరికే చెందిన అమ్మాయిని వెంట తీసుకెళ్లి, ఆమె చేతే అడిగించండి.

ఇక సంత ధర పుస్తకం. సీజన్ ఉన్నన్నాళ్లూ ప్రతి వారం దగ్గరి రెండు సంతలలో పిక్క చింతపండు కిలో ఎంతకు పోయిందో తేదీతో రాసే చిన్న నోటు పుస్తకం ఇది. దీన్ని రాసే మనిషి, సంస్థ తరఫున సరుకు కొనే మనిషి ఒకరే కాకూడదు. ఒకరే అయితే సంత ధర ఎప్పుడూ తక్కువగానూ, మన ధర గొప్పగానూ కనిపిస్తుంది. ప్రభావ లెక్క అంతా ఈ పుస్తకం మీదే ఆధారపడుతుంది కాబట్టి దీనికి వారానికి ఒక పూట కూలి ఇచ్చినా దండగ కాదు.

## 2. ఒక క్వింటాలు లెక్క

మొత్తం వ్యాపారం లెక్క వేయకముందు వంద కిలోల లెక్క తేల్చుకోవాలి. ఇక్కడ ఊహకు తావు లేదు. పది కిలోల పిక్క చింతపండు తెచ్చి, ఎప్పుడూ ఆ పని చేసే చేతులతోనే పిక్క తీయించి, గుజ్జు, పిక్క, పీచు విడివిడిగా తూచండి. మూడు ఊళ్ల సరుకుతో మూడుసార్లు చేయండి. కాయ మొత్తంలో గుజ్జు సగం కంటే కొంచెం ఎక్కువ, పిక్క మూడో వంతు, మిగిలింది పెంకూ పీచూ ఉంటాయన్నది సాధారణంగా తెలిసిన సంగతి. పెంకు ఒలిచిన సరుకులో మీకు ఎంత పడుతుందో మీ త్రాసే చెప్పాలి.

మన ఉదాహరణలో వంద కిలోలకు 55 కిలోల గుజ్జు, 35 కిలోల పిక్క వస్తున్నాయి. నిల్వలో తేమ ఆరి, నల్లబడినది ఏరివేయగా అమ్మకానికి 53 కిలోలు మిగులుతున్నాయి.

ఒక క్వింటాలుకు ఖర్చు:

- కొనుగోలు, కిలో 36 రూపాయల చొప్పున: 3,600
- పిక్క తీసే కూలి, గుజ్జు కిలోకు 10 చొప్పున: 550
- దిమ్మ కట్టడం, ప్యాకింగ్, కిలోకు 3 చొప్పున: 165
- రవాణా, కోల్డ్ స్టోరేజి, కిలోకు 5 చొప్పున: 275
- కొనుగోలు, కూలి, ప్యాకింగ్ మీద పెట్టిన డబ్బుకు ఏడాదికి 12 శాతం చొప్పున 5 నెలల వడ్డీ: 216
- మొత్తం: 4,806

ఒక క్వింటాలుకు రాబడి:

- గుజ్జు 53 కిలోలు, కిలో 104 చొప్పున: 5,512
- చింతపిక్కలు 35 కిలోలు, కిలో 8 చొప్పున: 280
- మొత్తం: 5,792

అంటే క్వింటాలుకు మిగులు 986 రూపాయలు.

కొనుగోలు ధర 36 అని ఊరికే వేయలేదు. 2020లో కేంద్ర ప్రభుత్వం అటవీ ఉత్పత్తుల మద్దతు ధరలను సవరించినప్పుడు పిక్క చింతపండుకు కిలో 36 రూపాయలుగా, పిక్క తీసినదానికి 63 రూపాయలుగా నిర్ణయించింది. సామాజిక లక్ష్యంతో నడిచే సంస్థ మద్దతు ధరకు తక్కువ ఇస్తే, మిగతా లెక్కలు ఎంత బాగున్నా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ప్రణాళిక రాసేనాటికి అమలులో ఉన్న మద్దతు ధర ఎంతో చూసుకుని, దాన్ని మీ కనీస ధరగా పెట్టుకోండి. మన ఉదాహరణలో అదే సమయంలో సంత ధర 30 రూపాయలు. ఎండు చింతపండు మీద 2019 అక్టోబర్ నుంచి జీఎస్టీ లేదు కనుక ఆ పద్దు ఇక్కడ రాదు.

ఎక్కువమంది చేసే తప్పులు రెండు, రెండూ ఈ దశలోనివే. మొదటిది వడ్డీ పద్దు వదిలేయడం. "మా సంఘం డబ్బే కదా" అంటారు. ఆ డబ్బు అప్పుగా ఇచ్చి ఉంటే సభ్యులకు వడ్డీ వచ్చేది, కాబట్టి అది ఖర్చే. రెండోది తేమ. పొద్దున్నే మంచులో తడిసిన చింతపండు బరువు తూగుతుంది. మేము మొదటిసారి కొన్నప్పుడు తెల్లవారుజామున తూచి కొన్న సరుకు వారం తిరిగేసరికి గణనీయంగా తగ్గింది, ఆ ఏడాది మిగులంతా అందులోనే పోయింది. పిడికిలిలో నొక్కి వదిలినప్పుడు ముద్దగా అంటుకుపోయే సరుకును ఆ రోజు కొనకండి. ఒక రోజు ఎండలో ఆరబెట్టి తెమ్మని చెప్పి, మరునాడు అదే ధరకు తీసుకోండి.

## 3. ఎన్ని క్వింటాళ్ల దగ్గర నిలదొక్కుకుంటుంది

సరుకు కొన్నా కొనకపోయినా ఏడాదికి తప్పని ఖర్చులను, అంటే స్థిర ఖర్చులను, విడిగా రాయాలి. ఉదాహరణలో లెక్కలు రాసే కార్యదర్శి జీతం నెలకు 9,000 చొప్పున 1,08,000, షెడ్డు అద్దె 24,000, తూకం సరిచూపు, మరమ్మతులు, ఎఫ్ఎస్ఎస్ఎఐ నమోదు వంటివి 10,000, ప్రయాణం, ఫోను 14,000, దిమ్మలు కట్టే ప్రెస్సు అరుగుదల 14,000. మొత్తం 1,70,000 రూపాయలు.

దీన్ని క్వింటాలు మిగులు 986తో భాగిస్తే 173 వస్తుంది. అంటే 173 క్వింటాళ్లు కొని అమ్మితే లాభమూ లేదు, నష్టమూ లేదు. 200 క్వింటాళ్ల దగ్గర 27,200 రూపాయలు మిగులుతాయి.

ప్రెస్సు గ్రాంటుగా వచ్చినా దాని అరుగుదలను ఖర్చులో వేయాలి, ఎందుకంటే అది పాడైన రోజు మళ్లీ గ్రాంటు వస్తుందన్న నమ్మకం లేదు. వన్‌ధన్ వికాస కేంద్రం పథకంలో 15 సంఘాలు, సంఘానికి 20 మంది వరకు, మొత్తం 300 మంది కూడితే 15 లక్షల వరకు సాయం అందే ఏర్పాటు ఉంది. అలాంటి సొమ్ము వస్తే మంచిదే. కానీ దాన్ని రాబడి పద్దులో ఎక్కించకండి. ప్రణాళికలో ఒకే పట్టిక వేసి, "గ్రాంటు లేకుండా" అన్న వరుసను పైన, "గ్రాంటుతో" అన్న వరుసను కింద పెట్టండి. చదివేవారు ముందుగా చూడవలసింది పై వరుస.

ఇప్పుడు ఈ లెక్కనే ప్రభావం వైపు తిప్పి చూడండి. కొనుగోలు ధరను 36 నుంచి 38కి పెంచితే, దాని మీది వడ్డీతో కలిపి, క్వింటాలు మిగులు 776కు తగ్గి, నిలదొక్కుకునే పరిమాణం 220 క్వింటాళ్లకు పెరుగుతుంది. మన దగ్గరికి వచ్చే సరుకు 200 మాత్రమే. కాబట్టి 38 రూపాయలు ఇస్తామన్న మాట ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, అది ఏడాది తిరగకుండానే మూతపడే సంస్థ ఇచ్చే మాట. ధర గురించి సంఘంలో చర్చ వచ్చినప్పుడు ఈ రెండు అంకెలూ, 173, 220, గోడ మీద రాసి చూపండి. రెండు రూపాయల వెనుక 47 క్వింటాళ్ల బరువు ఉందని అందరికీ అర్థమవుతుంది.

## 4. ప్రభావ సూచికలు మూడే తీసుకోవాలి

ప్రణాళికల్లో పదిహేను, ఇరవై సూచికలు చూస్తుంటాను: శిక్షణ పొందినవారు, సమావేశాలు, మహిళా సాధికారత శాతం. వాటిలో చాలావరకు కొలవడానికి ఎవరూ ఉండరు. చింతపండు కొనుగోలు రసీదు నుంచీ, హాజరు పుస్తకం నుంచీ తీయగలిగినవి మూడు. ఆ మూడింటినే శ్రద్ధగా కొలవండి.

మొదటిది: కుటుంబానికి వచ్చిన అదనపు ఆదాయం. ఇక్కడే అతిశయోక్తి ఎక్కువ జరుగుతుంది. 20,000 కిలోలు, కిలో 36 చొప్పున 7,20,000 రూపాయలు చెల్లించాం, 120 కుటుంబాలకు తలా 6,000 ఆదాయం కల్పించాం అని రాస్తారు. మనం లేకపోయినా ఆ చింతపండు అమ్ముడయ్యేదే. మన వల్ల వచ్చింది ఆ రోజు సంత ధరకూ మన ధరకూ ఉన్న తేడా మాత్రమే.

తేడాను కూడా అందరికీ ఒకేలా వేయకూడదు. తొలి లెక్కలో, అయిదో వంతు సరుకు ఇంతకుముందే కిలో 34 రూపాయలకు అమ్ముడయ్యేదని తేలింది అనుకుందాం. అప్పుడు 16,000 కిలోల మీద 6 రూపాయల చొప్పున 96,000, మిగిలిన 4,000 కిలోల మీద 2 రూపాయల చొప్పున 8,000. మొత్తం 1,04,000, కుటుంబానికి 867 రూపాయలు.

ఆరు వేలకూ ఎనిమిది వందల అరవై ఏడుకూ ఎంత దూరమో చూడండి. చిన్న అంకె రాయడానికి వెనకాడవద్దు. ఆ 867 సంత ధర పుస్తకంతో రుజువు చేయగలిగిన డబ్బు, తనిఖీకి వచ్చినవారు ఏ ఇంటి తలుపు తట్టినా నిలబడే అంకె.

రెండోది: పిక్క తీసే పనికి గంట కూలి. "5,500 పని గంటలు కల్పించాం" అన్న వాక్యం సగం నిజమే. 200 క్వింటాళ్లకు 11,000 కిలోల గుజ్జు తీయాలి. గంటకు రెండు కిలోల చొప్పున 5,500 గంటలు. కిలోకు పది రూపాయలైతే గంటకు 20, ఎనిమిది గంటలు కూర్చుంటే 160 రూపాయలు. ఒడిశాలో ఉపాధి హామీ రోజు కూలి 2024-25లోనే 254 రూపాయలు. రోజంతా నడుము వంచి కూర్చుని, గోళ్లు పగిలేలా చేసిన పనికి దానికన్నా తక్కువ ఇచ్చి, దాన్ని ఉపాధి కల్పన అని రాయడం నాకు మనస్కరించదు.

మధ్యాహ్నం వేళ ఇంటిపని ముగించుకుని రెండు గంటలు చేసే వృద్ధులకు ఆ డబ్బు ఉపయోగమే కావచ్చు. అందుకే ఈ కూలిని అదనపు ఆదాయంలో కలపకుండా, గంట కూలిగా విడిగా చూపాలి. హాజరు పుస్తకంలో తూకంతో పాటు పని మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ రాయకపోతే ఈ సూచిక తీయలేం.

మూడోది: డబ్బు చేతికి అందిన రోజులు, విడిపించుకున్న మాట. సరుకు ఇచ్చిన రోజుకూ డబ్బు అందిన రోజుకూ మధ్య ఎన్ని రోజులో రసీదు మీదే రాయాలి. దానికి తోడు, తొలి లెక్కలో షావుకారికి మాట ఇచ్చిన ఇళ్లలో ఎన్ని ఇళ్లు మరుసటి ఏడాది స్వేచ్ఛగా అమ్ముకోగలిగాయో చూడాలి. మంచి ధర ఇచ్చి వారం తర్వాత డబ్బిస్తే ఆ వారం సరుకుల కోసం ఆమె మళ్లీ షావుకారి దగ్గరికే వెళుతుంది. అప్పుడు మన ఆరు రూపాయలు ఆమెకు ఉపయోగపడకుండానే పోతాయి.

## 5. రెండు లెక్కలు ఢీకొన్నప్పుడు

ఇంతవరకు వచ్చాక ప్రణాళికలో రెండు రంధ్రాలు కనిపిస్తాయి. గంట కూలి చాలడం లేదు. పైగా చింతచెట్టు ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది తగ్గుతుంది. తక్కువ కాపు ఏడాదిలో 120 క్వింటాళ్లే దొరికితే, మొదటి లెక్క ప్రకారం 51,680 రూపాయల నష్టం వస్తుంది. ఒక్క మంచి ఏడాది అంకెలతో రాసిన చింతపండు ప్రణాళికను నేనైతే పక్కన పెట్టేస్తాను. కనీసం రెండేళ్లు, ఒకటి ఎక్కువ కాపు, ఒకటి తక్కువ కాపు, పక్కపక్కన చూపాలి.

ముందు కూలి సంగతి. కిలోకు 10 నుంచి 13 చేస్తే గంటకు 26, ఎనిమిది గంటలకు 208 రూపాయలు. ఇంకా తక్కువే, కానీ ముందుకన్నా నయం. దానివల్ల, వడ్డీతో కలిపి, క్వింటాలు మిగులు 813కు దిగుతుంది. 200 క్వింటాళ్ల ఏడాదిలో కూడా 7,400 రూపాయల నష్టం. కూలి పెంచడమా, సంస్థను నిలపడమా అన్న ప్రశ్న ఇక్కడ ఎదురవుతుంది.

దారి స్థిర ఖర్చుల్లో ఉంది. కార్యదర్శి జీతం, ఏడాదంతా నడుస్తున్నా, చింతపండు పని నాలుగైదు నెలలదే. అదే మనిషి, అదే షెడ్డుతో అడ్డాకుల విస్తళ్లు గానీ కొండచీపుర్లు గానీ నడిపితే, జీతంలో సగం, అంటే 54,000 రూపాయలు, ఆ పద్దు మీదికి వెళుతుంది. చింతపండు మోయవలసిన స్థిర ఖర్చు 1,16,000కు తగ్గుతుంది. అయితే ఇది కాగితం మీద మార్చే అంకె కాకూడదు. అడ్డాకుల పనికి కూడా ఇలాంటి క్వింటాలు లెక్కే వేసి, అది నిజంగా 54,000 మోయగలదని తేలాకే ఇలా పంచాలి.

ఇప్పుడు 13 రూపాయల కూలితో రెండేళ్లు చూద్దాం:

- ఎక్కువ కాపు, 200 క్వింటాళ్లు: మిగులు 1,62,600, స్థిర ఖర్చు 1,16,000, చివరికి 46,600 లాభం.
- తక్కువ కాపు, 120 క్వింటాళ్లు: మిగులు 97,560, స్థిర ఖర్చు 1,16,000, చివరికి 18,440 నష్టం.

మంచి ఏడాది లాభంలో ముందుగా 20,000 రూపాయలు తక్కువ కాపు ఏడాది కోసం విడి ఖాతాలో వేయాలి. తర్వాత సభ్యులు పోసిన ప్రతి కిలోకు ఒక రూపాయి బోనస్ ఇస్తే 20,000. ఇంకా 6,600 మిగులుతాయి. బోనస్ కలిపితే మొదటి సూచిక 1,24,000కు, కుటుంబానికి 1,033 రూపాయలకు పెరుగుతుంది. ఇలా ధరను రెండు విడతలుగా ఇవ్వడం, సరుకు రోజున కనీస ధర, అమ్మకం పూర్తయ్యాక బోనస్, నాకు తెలిసినంతలో ఈ వ్యాపారానికి అన్నిటికంటే క్షేమమైన పద్ధతి. అమ్మకం ధర పడిపోయినా సంస్థ మునగదు, పెరిగితే సభ్యులకు వాటా అందుతుంది.

ధర పడిపోవడం ఎంత దెబ్బ తీస్తుందో కూడా ఒక వాక్యంలో రాయాలి. గుజ్జు ధర 104 నుంచి 100కు తగ్గితే క్వింటాలుకు 212, మొత్తం 42,400 రూపాయలు పోతాయి. అంటే దాదాపు లాభమంతా. అందుకే బోనస్‌ను ముందే హామీ ఇవ్వకూడదు.

## 6. డబ్బు ఎప్పుడు పోతుంది, ఎప్పుడు వస్తుంది

ఏడాది మొత్తానికి లాభం కనిపించినా ఏప్రిల్‌లో గల్లా ఖాళీ అయితే పని ఆగిపోతుంది. ఈ ఉదాహరణలో కొనుగోలు, కూలి, ప్యాకింగ్ కలిపి 200 క్వింటాళ్లకు దాదాపు 9 లక్షల రూపాయలు కావాలి, అదీ రెండున్నర నెలల్లోనే. అమ్మకాలు చాలావరకు జూన్ తర్వాత.

నెలవారీ పట్టిక వేసినప్పుడు అన్నిటికన్నా లోతైన నెల ఏదో గుర్తించి, బ్యాంకును అడిగే అప్పును దాన్నిబట్టి నిర్ణయించండి. సరుకులో కొంత భాగాన్ని, ధర కాస్త తక్కువైనా, మే నెలలోనే అమ్మితే అప్పు భారం తగ్గుతుంది. విజయనగరం, పార్వతీపురం వైపు వ్యాపారులతో ఈ మాట ఫిబ్రవరిలోనే జరగాలి. సరుకు చేతిలో పెట్టుకుని వెళితే బేరం వారిది అవుతుంది.

మొత్తం సరుకును వానల దాకా మామూలు గదిలో ఆపుదామన్న ఆలోచన వద్దు. తేమ పీల్చుకుని చింతపండు జిగురెక్కి నల్లబడుతుంది, రంగు పోయిన సరుకుకు ధర ఉండదు. చల్లని గిడ్డంగి ఖర్చు రంగు కాపాడడానికి పెట్టేది. పిక్కతోనే నిల్వ చేస్తే పిక్కలోకి పురుగు చేరే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో తెలుసుకోవాలంటే నాలుగైదు పిక్కలు తీసి చూడండి: గుండ్రని చిన్న రంధ్రం కనిపిస్తే ఆ బస్తాను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేసి, ముందుగా దాని పిక్కే తీయించండి.

## 7. రసీదు, పుస్తకం

పై లెక్కలన్నీ ఒక చిన్న కాగితం మీద ఆధారపడతాయి. కొనుగోలు రసీదులో ఉండవలసినవి:

- తేదీ, ఊరు, సభ్యురాలి సంఖ్య
- తూకం, ధర, చెల్లించిన మొత్తం
- ఆ వారం సంత ధర (సంత పుస్తకం నుంచి)
- డబ్బు ఇచ్చిన తేదీ
- సరుకు పొడిగా ఉందా, తడిగా ఉందా అన్న గుర్తు

మా వైపు ఒకే ఊళ్లో ఒడియా, తెలుగు, కుయి మూడూ వినిపిస్తాయి. కార్యాలయానికి ఒడియాలో కాగితం కావాలి, లెక్క రాసేవారికి తెలుగు వస్తుంది, సరుకు తెచ్చినామెకు ఈ రెండు లిపులూ రాకపోవచ్చు. అందువల్ల రసీదులో అంకెలు, బొమ్మ గుర్తులు పెట్టి, మాటలు వీలైనంత తగ్గించండి. తూకం ఆమె కళ్లెదుట వేసి, అంకెను గట్టిగా చదివి వినిపించాలి.

ఒడిశాలో 2000 నాటి విధానం ప్రకారం చింతపండు సహా పలు చిన్న అటవీ ఉత్పత్తుల వ్యవహారం పంచాయతీల పరిధిలోకి వచ్చింది. కొనుగోలు మొదలుపెట్టేముందు పంచాయతీలో నమోదు చేయించుకుని, ఆ కాగితం నకలును ప్రణాళికకు జతచేయండి.

## 8. ప్రణాళిక కాగితం ఎలా అమర్చాలి

పది పేజీలు దాటవలసిన పని లేదు. మొదటి పేజీలో ఎవరు, ఎక్కడ, ఏం కొని ఏం అమ్ముతారు. రెండో పేజీలో క్వింటాలు లెక్క. మూడో పేజీ అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎడమవైపు ఎక్కువ కాపు, తక్కువ కాపు ఏడాదుల లాభనష్టాలు, కుడివైపు అవే ఏడాదులకు మూడు ప్రభావ సూచికలు. ఎడమవైపు ఏ అంకె మారినా కుడివైపు ఏది మారుతుందో గీత గీసి చూపండి. కొనుగోలు ధర అదనపు ఆదాయంతో కలుస్తుంది, పిక్క కూలి గంట కూలితో కలుస్తుంది, అప్పు మొత్తం చెల్లింపు రోజులతో కలుస్తుంది. తర్వాత నెలవారీ నగదు పట్టిక, తొలి లెక్క సారాంశం, బాధ్యతలు.

ఇచ్చేముందు సరిచూసుకోండి:

- గుజ్జు దిగుబడి మీ త్రాసు మీద తేలిందేనా?
- మాట ఇచ్చేసిన ఇళ్ల సరుకును తీసివేశారా?
- గ్రాంటు లేని వరుస పైన ఉందా?
- అదనపు ఆదాయం సంత ధర తేడా నుంచే వచ్చిందా?
- కూలిని అదనపు ఆదాయంలో కలపకుండా ఉంచారా?
- తక్కువ కాపు ఏడాది నష్టాన్ని ఏ ఖాతా భరిస్తుందో రాశారా?

## 9. సీజన్ నడుస్తుండగా, ముగిశాక

ప్రతి వారం కార్యదర్శి మూడు అంకెలు చూస్తే చాలు: ఇప్పటిదాకా కొన్న క్వింటాళ్లు, సంత ధరకూ మన ధరకూ తేడా, గల్లాలో మిగిలిన డబ్బు. సంత ధర మన ధరను దాటిపోతే సభ్యులు సంతకే వెళతారు. అది వారికి మంచిదే, వారిని ఆపకండి. మీరు ధర పెంచగలరా లేదా అన్నది ఆ రోజు అమ్మకం ధరతో క్వింటాలు లెక్క మళ్లీ వేసి తేల్చండి. మిగులు స్థిర ఖర్చుకు చాలని చోట కొనుగోలు ఆపాలి. ఆ గరిష్ఠ ధర ఎంతో సీజనుకు ముందే సంఘం తీర్మానంగా రాసి ఉంచితే, సంతలో నిలబడి ఒక్కరే నిర్ణయం తీసుకునే ఇబ్బంది ఉండదు.

కొనుగోలు రెండు వారాలపాటు అనుకున్నదానిలో సగానికి పడిపోతే కారణం ధర అని వెంటనే అనుకోవద్దు. ముందు చెల్లింపు రోజులు చూడండి. రెండు మూడు రోజులు దాటి ఉంటే అసలు సమస్య అక్కడే ఉంటుంది, ధర పెంచితే తీరదు.

అమ్మకాలు ముగిశాక అదే 30 ఇళ్లకు మళ్లీ వెళ్లి అవే ప్రశ్నలు అడగండి. ఇంట్లో చెప్పిన అంకె, రసీదులు చెప్పే అంకె పక్కపక్కన పెట్టండి. తేడా ఎక్కువగా ఉన్న ఊళ్లో తూకం దగ్గర ఏదో జరుగుతోందని అర్థం. ఆ ఊరి త్రాసును సరిచూపించి, కొన్నాళ్లు కొనుగోలుకు వేరే మనిషిని పంపండి.

చివరగా నాలుగు ఊళ్ల సభ్యులనూ కూర్చోబెట్టి, బోనస్ పంచేముందు మూడో పేజీని వారి భాషలో చదివి వినిపించాలి. కొత్త ఏడాది కొనుగోలు ధర, పిక్క కూలి, విడి ఖాతాలో వేయవలసిన మొత్తం ఆ సభలోనే తీర్మానించి, తేదీతో పుస్తకంలో ఎక్కించండి. తర్వాతి ఏడాది ప్రణాళికకు అదే మొదటి పేజీ.